రాసిన మాట రేపు ఎక్కడికి పోతుంది?



ఈ రోజు మాట్లాడమని మాకు ఇచ్చిన అంశం వినడానికి చిన్నగానే ఉంటుంది. పెద్దవాళ్ల మాటలను ఫోన్‌లో రికార్డు చేసుకుంటున్నాం. విని రాసుకుంటున్నాం. అట్లా రాసినదాన్ని కంప్యూటర్‌లో ఏ రకం ఫైలుగా దాచాలి? మామూలు టెక్స్ట్ ఫైలుగానా, మార్క్‌డౌన్‌గానా, సీఎస్‌వీ పట్టికగానా, వర్డ్ ఫైలుగానా? ఈ ప్రశ్న మేము మొదట్లో అడుక్కోలేదు. అడుక్కోనందుకు ఒక మాట పోయినంత పని అయింది. ముందు ఆ సంగతి చెబుతాం, తర్వాత ఇప్పుడు మేము ఏం చేస్తున్నామో చెబుతాం.

మన బోధన్ సంగతి మీకు తెలిసిందే. మంజీరా మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చాక ఈ నేలలో చెరకు పెరిగింది. 1930ల చివర్లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. 2015 డిసెంబరులో అది మూతపడింది. తండాల నుంచి చెరకు కొట్టడానికి పోయినవాళ్లు, బండ్లు తోలినవాళ్లు, కాటా దగ్గర రాత్రంతా కాసుకొని కూర్చున్నవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వాళ్ల మాటలు పట్టుకుందామని మేము పదకొండు రికార్డింగులు చేసుకున్నాం. అందులో ఏడోది మేమంతా దాదీ అని పిలిచే ఒక పెద్దావిడది. నలభై రెండు నిమిషాలు. తెలుగులో మాట్లాడుతూనే మధ్యమధ్యలో గోర్‌బోలి మాటలు వేసేది.

మేము దాన్ని వర్డ్‌లో రాసుకున్నాం. దాదీ మాటలు నల్లగా, మా ప్రశ్నలు బొద్దుగా. గోర్‌బోలి మాటలను వాలు అక్షరాల్లో పెట్టాం. సరిగా వినబడని తొమ్మిది మాటలకు ఎర్ర రంగు వేశాం. చూడటానికి చాలా చక్కగా ఉంది. తెలుగు తప్పులు దిద్దమని తెలిసిన ఒక పెద్దమనిషికి పంపాలనుకున్నాం. ఆయన దగ్గర వర్డ్ లేదు. అందుకని మొత్తం కాపీ చేసి మామూలు టెక్స్ట్ ఫైలులో అతికించి పంపాం. ఆయన శ్రద్ధగా దిద్ది పంపారు. దాన్ని తెచ్చి మళ్లీ మా పాత వర్డ్ ఫైలులోనే, పాతదాని మీదనే పెట్టేశాం.

కొన్ని నెలల తర్వాత అచ్చుకు ఇచ్చే ముందు చదువుతుంటే ఒక వాక్యం కనిపించింది. "తెల్లారక ముందే బాట పట్టుకొని చెరకు చేనుకు పోయేది." వాక్యంలో తప్పేమీ లేదు. కానీ దాదీ మనవరాలు చదివి, "మా దాదీ ఇట్లా అనదు" అన్నది. రికార్డింగు మళ్లీ విన్నాం. దాదీ అన్నది బాట కాదు, బాటి. మన బోలిలో బాటి అంటే రొట్టె, తిండి. పొద్దున్నే రొట్టె మూట పట్టుకొని పనికి పోయేవాళ్లమని ఆమె చెప్పింది. దిద్దిన పెద్దమనిషికి గోర్‌బోలి రాదు. వాలు అక్షరాలు ఉండి ఉంటే అది వేరే భాష మాట అని ఆయనకు తెలిసేది. టెక్స్ట్ ఫైలులోకి పోగానే ఆ వాలు పోయింది. ఆయనకు కనిపించింది ఒక అచ్చుతప్పు. దాన్ని దిద్దారు. తప్పు ఆయనది కాదు.

బాటి దొరికింది. ఎర్ర రంగు వేసిన తొమ్మిది మాటలు మాత్రం ఎక్కడెక్కడున్నాయో తెలియలేదు. రంగు కూడా పోయింది కదా. నిమిషాలు రాసుకోలేదు కాబట్టి నలభై రెండు నిమిషాలు మొదటి నుంచీ విన్నాం. ఏడు తేలాయి. రెండు ఇప్పటికీ తేలలేదు. దాదీని అడుగుదామంటే అప్పటికి ఆమె లేదు.

మేము నేర్చుకున్నది ఇది. ఫైలు రకాన్ని ఎంచుకునేటప్పుడు "ఏది చూడటానికి బాగుంటుంది" అని కాదు, "తర్వాత ఇది ఎవరి చేతికి పోతుంది, వాళ్లు దీనితో ఏం చేస్తారు" అని అడగాలి. ఆ చేతికి పోయే దారిలో ఏది రాలిపోతుందో ముందే చూసుకోవాలి. రంగు, వాలు, బొద్దు అనేవి వర్డ్ ఇచ్చే వేషం. టెక్స్ట్ ఫైలులోకి పోతే వేషం ఊడిపోతుంది, అక్షరాలు మాత్రమే మిగులుతాయి. అందుకే పోకూడనిదాన్ని అక్షరాలతోనే, గుర్తులతోనే రాయాలి.

ఇప్పుడు అదే చోటు మా తల్లి ఫైలులో ఇట్లా ఉంటుంది:

```
[00:12:40] దాదీ: తెల్లారక ముందే *బాటి* పట్టుకొని చెరకు చేనుకు పోయేది.

[00:12:52] మేము: ఎన్ని గంటలకు?

[00:12:55] దాదీ: గంట ఏం తెల్వదు. ఫ్యాక్టరీ కూత [?] పెట్టంగనే లేస్తుంటిమి.
```

ఇది మామూలు టెక్స్ట్ ఫైలే. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, ఫోన్‌లో తెరుచుకుంటుంది. ముందు గంట, నిమిషం, సెకను. తర్వాత ఎవరు మాట్లాడారు. గోర్‌బోలి మాటకు రెండు వైపులా నక్షత్రం. అనుమానం ఉన్న మాట పక్కన [?]. ఈ ఫైలును ఎవరికి పంపినా, ఎక్కడ అతికించినా ఈ గుర్తులు దానితోపాటే పోతాయి. దిద్దేవాళ్లకు ఒక్క మాట చెబితే చాలు: నక్షత్రాల మధ్య ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. అనుమానాలన్నీ కావాలంటే [?] అని వెతికితే ఒక్క నిమిషంలో వస్తాయి. పక్కనే సమయం ఉంటుంది కాబట్టి అక్కడికే పోయి వినవచ్చు.

దాచేటప్పుడు ఒక్క జాగ్రత్త. Save As పెట్టెలో Encoding అనే చోట UTF-8 ఉండాలి. ANSI ఉంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులైపోతాయి. అవి మళ్లీ తిరిగిరావు.

ఆ నక్షత్రాలు మేము ఊరికే పెట్టినవి కాదు. మార్క్‌డౌన్ అనే పద్ధతిలో నక్షత్రాల మధ్య మాట వాలు అక్షరాలుగా మారుతుంది. మార్క్‌డౌన్ అంటే వేరే యంత్రమేమీ కాదు, కొన్ని గుర్తులు ఉన్న టెక్స్ట్ ఫైలే. వరుస మొదట్లో # పెడితే అది శీర్షిక అవుతుంది. ఈ-సంచిక చేయాలన్నా, ఈ-పుస్తకం చేయాలన్నా, అదే ఫైలు నుంచి వర్డ్ ఫైలు తీయాలన్నా మార్క్‌డౌన్ పనికొస్తుంది. పాన్‌డాక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంటే ఇంతే:

```
pandoc b07.md -o b07.docx
pandoc b07.md -o b07.epub
```

మనవాళ్ల మాటలు రాసేటప్పుడు మార్క్‌డౌన్‌లో మూడు చోట్ల కాలు జారుతుంది. మేము మూడు చోట్లా జారాం.

మొదటిది గీత. వాలు అక్షరాలకు నక్షత్రం బదులు కింది గీత `_` కూడా పెట్టవచ్చని చెబుతారు. ఇంగ్లిషుకు అది సరిపోతుంది. తెలుగులో మాటకు విభక్తి అతుక్కుంటుంది కదా. `_బాటి_లో` అని రాస్తే చాలా ప్రోగ్రాములు దాన్ని వాలుగా మార్చవు, గీతలు గీతలుగానే అచ్చులోకి వస్తాయి. రెండో గీత తర్వాత వెంటనే అక్షరం ఉంటే అది మాట మధ్యలోని గీత అనుకుంటాయి. `*బాటి*లో` అంటే సరిగ్గా మారుతుంది. అందుకే మేము నక్షత్రమే వాడతాం.

రెండోది వరుసలు. టెక్స్ట్ ఫైలులో కింద కింద రాసిన వరుసలను మార్క్‌డౌన్ ఒకే పేరాగా కలిపేస్తుంది. ప్రశ్న, జవాబు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అందుకే పైన చూపించిన దాంట్లో ప్రతి మాటకూ మధ్య ఒక ఖాళీ వరుస వదిలాం. తీజ్ పాటలాంటిది రాస్తే పాట మొత్తం వచనంగా మారిపోతుంది. పాటలో వరుస చివర `\` పెడితే అక్కడ వరుస విరుగుతుంది.

మూడోది ఏళ్లు. పేరా మొదట్లో "2015. ఆ డిసెంబరుల ఫ్యాక్టరీ బందైంది" అని రాస్తే, అంకె తర్వాత చుక్క, ఖాళీ ఉన్నాయి కాబట్టి అది జాబితాలో 2015వ అంశం అనుకుంటుంది. కొన్ని ప్రోగ్రాములు దాన్ని 1 అని కూడా మార్చేస్తాయి. ఏడాదే మారిపోతుంది. `2015\.` అని రాయాలి. లేకపోతే "2015లో" అని మొదలుపెట్టాలి, అదే తేలిక.

ఇక సీఎస్‌వీ. దీని అవసరం మాకు ఎట్లా వచ్చిందంటే, పదకొండు రికార్డింగుల్లో వచ్చిన గోర్‌బోలి మాటలన్నీ ఒక్కచోట చేర్చి, ఎన్నిసార్లు వచ్చాయి, ఎవరు వాడారు, అర్థం ఏమిటి అని చూడాలనుకున్నాం. పేరాల్లో అది కుదరదు. వరుసలు, గడులు కావాలి. సీఎస్‌వీ అంటే గడుల మధ్య కామా ఉన్న టెక్స్ట్ ఫైలు:

```
రికార్డు,సమయం,మాట,అర్థం
B07,00:12:40,బాటి,"రొట్టె, తిండి"
B07,00:21:05,పాణి,నీళ్లు
B07,00:30:18,యాడి,అమ్మ
```

మొదటి మాట అర్థంలో కామా ఉంది చూడండి. దాని చుట్టూ జంట కొటేషన్ గుర్తులు పెట్టకపోతే తిండి అనేది పక్క గడిలోకి దూకుతుంది. ఒక వరుసలో గడులు ఎక్కువైతే ఎక్కడో కామా తప్పిందని గుర్తు.

ఎక్సెల్‌తో ఇంకో భయం ఉంది. సీఎస్‌వీ మీద రెండుసార్లు నొక్కి తెరిస్తే కొన్నిసార్లు బాటి అనేది ఇట్లా కనిపిస్తుంది:

```
à°¬à°¾à°Ÿà°¿
```

ఇది చూసి ఫైలు పాడైందని గాబరా పడవద్దు. ఫైలు బాగానే ఉంది, ఎక్సెల్ తప్పుగా చదివింది. మీరు చేయకూడనిది ఒక్కటే. ఆ రూపంలో ఉండగా సేవ్ చేయకూడదు. మూసేసి, ఎక్సెల్‌లో Data కింద From Text/CSV ద్వారా తెచ్చుకొని, 65001: Unicode (UTF-8) ఎంచుకోండి. ఎక్సెల్ నుంచి దాచేటప్పుడు CSV UTF-8 అనే రకాన్నే ఎంచుకోండి.

రెండుసార్లు నొక్కి తెరవకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎక్సెల్ మనల్ని అడగకుండా అంకెల అర్థం మారుస్తుంది. ఒక తాత "ఎకరాలు 3-4 ఉంటుండె" అన్నాడు. 3-4 అని గడిలో పెడితే అది ఏప్రిల్ మూడో తేదీ అయి కూర్చుంది. రికార్డు నంబరు 007 అని ఉంటే 7 అయిపోతుంది. అందుకే మేము నంబరు ముందు B అని అక్షరం పెట్టాం. తెచ్చుకునేటప్పుడే ఆ గడులను Text అని చెబితే ఇట్లాంటివి జరగవు.

మరి వర్డ్ ఫైలు పనికిరానిదా? కాదు. మనిషి చదివి దిద్దాల్సి వచ్చినప్పుడు దానికి సాటి లేదు. పెద్దవాళ్లకు చదివి వినిపించడానికి మేము టెక్స్ట్ ఫైలు పట్టుకొని పోము. దాని నుంచి వర్డ్ ఫైలు తీసి, అక్షరాలు 16 పాయింట్లు చేసి, కుడివైపు మూడు వేళ్ల జాగా వదిలి అచ్చు తీసుకొని పోతాం. మనవడో మనవరాలో చదువుతుంటే, తప్పున్న చోట పెన్నుతో పక్కన రాసుకుంటాం. దూరంగా ఉన్నవాళ్లు దిద్దాలంటే Review కింద Track Changes పెట్టి పంపుతాం. అప్పుడు ఏ మాట పోయింది, ఏ మాట వచ్చింది అనేది కనిపిస్తుంది. ఆ రోజు ఇది పెట్టి ఉంటే బాటి బాటగా మారడం అదే రోజు తెలిసేది.

వర్డ్ ఫైలు విషయంలో మన దగ్గర ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఫాంటు. నిజామాబాద్‌లో పెళ్లిపత్రిక అచ్చేసే డీటీపీ సెంటర్లను చూడండి. చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని నడుస్తుంది. అను ఫాంటులో రాసినది పైకి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. వాటికి తెలుగు ముఖం తొడిగేది ఫాంటు. ఆ ఫైలును టెక్స్ట్‌గా దాచితే ఫాంటు పోతుంది, తెలుగూ పోతుంది, చదవలేని గుర్తులు మిగులుతాయి. మీ చేతికి ఎవరైనా పాత తెలుగు వర్డ్ ఫైలు ఇస్తే ముందు ఈ పరీక్ష చేయండి. ఒక పేరాను ఎంచుకొని ఫాంటును Nirmala UI కి మార్చండి. తెలుగు తెలుగుగానే ఉంటే అది యూనికోడ్, నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇంగ్లిషు గుర్తులుగా మారితే అది అను లాంటి పాత ఫాంటు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ ద్వారా తెచ్చుకున్నాకే మిగతా పని. మార్చాక కూడా ఒత్తులను ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

అచ్చుకు ఇచ్చేటప్పుడు ఇదే ప్రశ్న తిరగేసి అడగాలి. "అన్నా, మీరు యూనికోడ్ తీసుకుంటారా, అనులోకి మార్చుకుంటారా?" అని. మార్చుకుంటామంటే నక్షత్రాలు, కొటేషన్ గుర్తులు అక్కడ వేరే అక్షరాలైపోవచ్చు. కాబట్టి ప్రూఫు మనమే చదవాలి, గోర్‌బోలి వచ్చినవాళ్లే చదవాలి.

ఇప్పుడు మా పద్ధతి మొత్తం చెబుతాం. ఒక్కో రికార్డింగుకు ఒక్క తల్లి ఫైలు. అది గుర్తులున్న టెక్స్ట్ ఫైలు, UTF-8. చదివి వినిపించడానికి దాని నుంచి వర్డ్ తీస్తాం. ఈ-సంచికకు మార్క్‌డౌన్‌గా అదే ఇస్తాం. మాటల పట్టికకు సీఎస్‌వీ తీస్తాం. ఎక్కడ తప్పు దొరికినా దిద్దేది ముందు తల్లి ఫైలులోనే. పిల్ల ఫైలును దిద్ది ఊరుకుంటే తర్వాతిసారి పాత తప్పే మళ్లీ వస్తుంది. బయటి నుంచి దిద్ది వచ్చిన ఫైలును తల్లి ఫైలు మీద ఎప్పుడూ అతికించం. రెండూ పక్కపక్కన పెట్టుకొని ఒక్కో మార్పూ చూసి రాసుకుంటాం.

తల్లి ఫైలు అన్నిసార్లూ టెక్స్టే కావాలని లేదు. ఒక ఇంట్లో పాత చెరకు చీటీలు ఒక కట్ట దొరికాయి. ఒక్కో దాంట్లో తేదీ, బండి, తూకం. అవి పుట్టుకతోనే పట్టిక. వాటిని పేరాలుగా రాస్తే ఏ ఏడాది ఎంత చెరకు పోయిందో కూడడానికి మళ్లీ అన్నీ విడదీయాలి. అందుకే వాటిని మొదటి నుంచీ గడుల్లోనే ఎక్కించాం. పట్టిక నుంచి వాక్యం ఎప్పుడైనా రాసుకోవచ్చు. వాక్యాల నుంచి పట్టిక తీయడం మాత్రం మళ్లీ మొదటి నుంచి చేసే పని. అట్లాగే ఒక్కసారి అచ్చు తీసి ఇచ్చేసే అర్జీ అయితే నేరుగా వర్డ్‌లోనే రాసుకోండి. దానికి తల్లీ పిల్లా అక్కర్లేదు.

మీలో చాలామంది ఫోన్లలో ఇప్పటికే మీ దాదీల, తాతల గొంతులు ఉన్నాయని మాకు తెలుసు. రాయడానికి కూర్చున్నప్పుడు, మొదటి వరుస రాయకముందే, ఇది చదివి దిద్దేది ఎవరు, వాళ్లకు మన బోలి వస్తుందా అని అడుక్కోండి. మా ఏడో ఫైలులో రెండు చోట్ల [?] అట్లాగే ఉంది. ఒకటి పదమూడో నిమిషంలో, ఇంకొకటి ముప్పై ఆరో నిమిషంలో. బోధన్ దిక్కు తండాల్లో చెరకు పని చేసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే చెప్పండి, ఆ రెండు ముక్కలూ పట్టుకొని వచ్చి వినిపిస్తాం. వాళ్లు ఆ మాటను గుర్తుపడితే ఆ గుర్తులు తీసేస్తాం.